వెనక్కి అనువాదం చేయించే ముందు జాగ్రత్తలు

తెలుగులోకి మార్చిన సర్వే ప్రశ్నావళిని వేరొకరితో తిరిగి ఇంగ్లిష్‌లోకి రాయించి మూలంతో పోల్చడమే వెనక్కి అనువాదం. హైదరాబాద్ బస్తీల్లోకి కాగితాలు పట్టుకెళ్లే ముందు ఇవి చూసుకోండి.

- రెండో అనువాదకులు మూలాన్ని ఎన్నడూ చూసి ఉండకూడదు. డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 లాంటి పేరున్న ప్రశ్నావళి అయితే, దాన్ని రోజూ వాడే సైకాలజిస్టుకు ఇవ్వకండి. తెలుగు తప్పినా, గుర్తున్న ఇంగ్లిష్ వాక్యాన్నే రాసేస్తారు.

- రెండు ఇంగ్లిష్ ప్రతులూ అచ్చుగుద్దినట్టు కలిస్తే మరింత అనుమానించండి. 'ఫీలింగ్ డౌన్'ను 'కిందికి అనిపించడం' అని రాశారనుకోండి. రెండో వ్యక్తి తేలిగ్గా 'ఫీలింగ్ డౌన్' అనే తిప్పి రాస్తారు, పోలిక సరిపోతుంది. బోరబండలో ఆ ప్రశ్న విన్నామెకు మాత్రం ఏమీ బోధపడదు. 'దిగులుగా ఉండటం' అని రాస్తే వెనక్కి 'శాడ్' అని రావచ్చు. మాట కలవకపోయినా నేను దీన్నే ఉంచుతాను.

- జవాబుల వరుసను విడిగా పోల్చండి. పీహెచ్‌క్యూ-9లో 1 మార్కు జవాబు 'కొన్ని రోజులు', 2 మార్కులది 'సగానికి పైగా రోజులు'. మొదటిదాన్ని 'చాలా రోజులు' అని రాస్తే రెండింటికీ తేడా చెరిగిపోయి మొత్తం స్కోరే తప్పుతుంది.

- తేడాలు సరిదిద్దాక, బస్తీలో కొందరికి ప్రశ్న చదివి వినిపించి, ఏం అడిగామో వాళ్ల మాటల్లో చెప్పమనండి. 'కిందికి అనిపించడం' లాంటివి అక్కడే బయటపడతాయి.