మార్చి రాకముందే 26AS తెరవండి

అందరికీ నమస్కారం. మూడేళ్ల ఫ్రీలాన్సింగ్‌లో ఏం నేర్చుకున్నావో చెప్పమన్నారు. క్లయింట్లను ఎలా పట్టాలో నాకన్నా మీకే బాగా తెలుసు. నా చెయ్యి కాలింది టీడీఎస్ దగ్గర, అంటే క్లయింట్ మన బిల్లులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను దగ్గర. మార్చికి ఇంకా టైముంది కాబట్టి అదొక్కటే చెబుతాను.

రెండో ఏడు నాకున్నది ఒకే క్లయింట్. నెలకు 40,000 బిల్లు, 10 శాతం టీడీఎస్ పోను 36,000 ఖాతాలో పడేది. ఏడాదిలో కట్ అయింది 48,000. నా ఆదాయానికి పన్ను పడదు కాబట్టి అదంతా రీఫండ్ వస్తుందని ల్యాప్‌టాప్ కూడా చూసి పెట్టుకున్నాను. జూలైలో రిటర్న్ వేద్దామని, మన పాన్ మీద జమైన పన్ను చూపించే 26AS తెరిస్తే 36,000 మాత్రమే కనిపించింది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా కట్ చేసిన 12,000 లేదు.

కారణం చూస్తే, అకౌంట్స్‌లో కొత్తగా చేరినాయన నా పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారు. డబ్బు ప్రభుత్వానికి వెళ్లింది, నా పేరు మీద మాత్రం కాదు. దాన్ని మనం సరిచేయలేం. కోసిన కంపెనీయే కరెక్షన్ స్టేట్‌మెంట్ వేయాలి. అప్పటికి ఆయన ఉద్యోగం మానేశారు. నెలల తరబడి ఫోన్లు చేశాక గానీ పని కాలేదు.

ఫిబ్రవరిలోనే చూసుకుని ఉంటే ఇంత తిప్పలు ఉండేది కాదు. అక్టోబర్-డిసెంబర్ టీడీఎస్ రిటర్న్‌కు కంపెనీలకు గడువు జనవరి 31. ఆ తర్వాత వారం పది రోజులాగి ఆదాయపు పన్ను పోర్టల్‌లో 26AS తెరవండి. మీ బిల్లులు పక్కన పెట్టుకుని ఒక్కో ఎంట్రీ సరిపోల్చుకోండి. ప్రతి ఎంట్రీకి స్టేటస్ దగ్గర ఖరారైందని చెప్పే F ఉంటే సరే. సరిపోలలేదని చెప్పే U ఉన్నా, అసలు ఎంట్రీయే లేకపోయినా వెంటనే అకౌంట్స్‌కు మెయిల్ పెట్టండి. బిల్లు నంబర్, తేదీ, ఖాతాలో పడ్డ మొత్తం, మీ పాన్ అందులో రాయండి. ఫోన్ చేస్తే "చూస్తాం సార్" అంటారు, అంతే. మార్చి చివరి వారంలో వాళ్లకు ఊపిరాడదు, అప్పుడు అడిగి లాభం లేదు.

జనవరి-మార్చి టీడీఎస్ రిటర్న్ గడువు మాత్రం మే 31. కాబట్టి అది ఏప్రిల్‌లో కనిపించలేదని కంగారు పడకండి, జూన్ రెండో వారంలో చూడండి.

విదేశీ క్లయింట్లకు పనిచేసేవాళ్లకు ఈ తలనొప్పి లేదు, ఇంకొకటి ఉంది. వాళ్లు టీడీఎస్ కోయరు, వచ్చిందంతా మనదే అనిపిస్తుంది. టీడీఎస్ పోను కట్టాల్సిన పన్ను 10,000 లేదా అంతకన్నా ఎక్కువైతే ముందస్తు పన్ను మనమే కట్టాలి, దాని చివరి వాయిదా మార్చి 15. ఆలస్యమైతే నెలకు 1 శాతం వడ్డీ. అందుకే ఇప్పుడు ప్రతి పేమెంట్‌లో కొంత వేరే ఖాతాలోకి తోసేస్తున్నాను. ఆ ఖాతాకు యూపీఐ పెట్టుకోలేదు, పెట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు.