కెమెరాలు పెట్టాక బైకు దొంగతనాలు తగ్గాయా? లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా సరిచేయాలి

సమస్య: "పోయినేడాదితో పోలిస్తే సగానికి సగం పడిపోయింది"

ఇంత పెద్ద తగ్గుదల కనిపించిందంటే ముందు కెమెరాలను మెచ్చుకోకండి, కేసులు ఏ సెక్షన్ పెట్టి ఏరారో చూడండి. 2024 జూలై 1 నుంచి జరిగిన దొంగతనాలకు ఐపీసీ 379 లేదు, భారతీయ న్యాయ సంహితలోని 303(2) ఉంది. ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న రెండేళ్లను పోలుస్తూ 379 ఒక్కదాన్నే వెతికితే రెండో ఏడాది దాదాపు ఖాళీగా వస్తుంది. రెండు సెక్షన్లూ కలిపి లెక్కించాలి. జూలై 1కి ముందు పోయిన బండికి ఆ తర్వాత ఫిర్యాదు వస్తే అది 379 కిందే నమోదవుతుంది కాబట్టి, ఫిర్యాదు తేదీ చూసి సెక్షన్ ఊహించుకోవద్దు.

జిల్లా మొత్తం అంకెలు వాడేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి వేరు పడ్డాయి. అంతకుముందు "కర్నూలు జిల్లా" వేరు, ఆ తర్వాతి "కర్నూలు జిల్లా" వేరు. అందుకే స్టేషన్ స్థాయికి దిగండి. అక్కడా హద్దులు మారలేదని రూఢి చేసుకోండి.

ఇక తేదీ. ఎఫ్‌ఐఆర్‌లో నేరం జరిగిన తేదీ ఒకచోట, స్టేషన్‌కు సమాచారం అందిన తేదీ మరోచోట ఉంటాయి. బండి పోయినవాళ్లు నాలుగు రోజులు వాళ్లే వెతుక్కుని, దొరక్కపోయాక ఆర్సీ జిరాక్సు పట్టుకుని వస్తారు. కాబట్టి జరిగిన తేదీనే తీసుకోవాలి. దసరా నెలలను వేసవి నెలలతో పోల్చకుండా, పూర్తి ఏడాదిని పూర్తి ఏడాదితోనే పోల్చాలి. ఇదంతా ఒక పూట పని. అయినా నా దగ్గరికి వచ్చే నివేదికల్లో ఎక్కువ భాగం ఇక్కడే తప్పుతున్నాయి.

సమస్య: "మా దగ్గర తగ్గింది, పక్క ప్రాంతంలో పెరిగింది, కాబట్టి పథకం బ్రహ్మాండం"

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. కర్నూలులో ఒక మార్కెట్ చుట్టూ కెమెరాలు పెట్టి, సాయంత్రం గస్తీ పెంచారు. పథకం లేకపోతే ఏమయ్యేదో తెలియాలంటే పోల్చడానికి ఒక ప్రాంతం కావాలి. ఒకే రకం జనం, ఒకే రకం దుకాణాలు అని పక్కనున్న వీధులనే తీసుకున్నాను. మార్కెట్‌లో తగ్గింది, పక్క వీధుల్లో పెరిగింది. చూడ్డానికి ఎంతో ముచ్చటైన ఫలితం.

నివేదిక ఇవ్వడానికి రెండు రోజుల ముందు, మార్కెట్ దగ్గర బండ్లకు చీటీలిచ్చే పెద్దాయన అన్నాడు: "సార్, దొంగతనాలు యాడికీ పోలేదు. మా కాడ పోయే బండ్లు ఇప్పుడు ఆ ఆస్పత్రి వెనకాల సందులో పోతాండాయి." ఆ సందు నేను పోలికకు తీసుకున్న ప్రాంతంలోనిదే.

అసలు కారణం అప్పుడు తెలిసింది. మార్కెట్ నుంచి పక్కకు జరిగిన ప్రతి దొంగతనం నా లెక్కలో రెండుసార్లు పడుతోంది: మార్కెట్‌లో తగ్గుదలగా ఒకసారి, పోలిక ప్రాంతంలో పెరుగుదలగా మరోసారి. రెండూ పథకానికే మార్కులు తెచ్చిపెడుతున్నాయి. దొంగలు ఎంత ఎక్కువగా పక్కకు జరిగితే పథకం అంత గొప్పగా కనబడుతుంది!

దీన్ని సరిచేయాలంటే ప్రాంతాలు రెండు చాలవు, మూడు కావాలి. ఏ అంటే పథకం అమలైన చోటు. బీ అంటే దాని చుట్టూ దొంగలు జరగగల పట్టీ. సీ అంటే వాళ్లు అంత సులువుగా జరగలేనంత దూరంలో ఉన్న, అదే రకం ప్రాంతం. పోలిక సీతోనే. బీని పోలికకు వాడకూడదు, అది విడిగా కొలవాల్సిన చోటు.

సులువుగా అర్థం కావాలని అంకెలు నేనే వేసి చూపిస్తున్నాను. ఏలో ముందు ఏడాది 60, తర్వాత 36. బీలో 40, తర్వాత 55. సీలో 120, తర్వాత 114.

బీతో పోల్చితే: బీ 40 నుంచి 55కి పెరిగింది కాబట్టి ఏ కూడా 60 నుంచి 82 దాకా పెరగాల్సింది, పెరగలేదు, అంటే 46 దొంగతనాలు ఆపాం అని తేలుతుంది. సీతో పోల్చితే: ఊరి పోకడ ప్రకారం ఏలో 57 ఉండాలి, 36 ఉన్నాయి, అంటే తగ్గింది 21. అదే పోకడతో బీలో 38 ఉండాలి, 55 ఉన్నాయి, అంటే అదనంగా వచ్చింది 17. రెండూ కలిపితే నికరంగా ఆగినవి 4. ఇంత చిన్న అంకెల్లో 4 అనేది ఏడాదికేడాది దానంతటదే వచ్చే హెచ్చుతగ్గుల్లో కలిసిపోతుంది. 46 అని రాయబోయిన చోట "తేడా తేలలేదు" అని రాయాలి.

దీన్నే ఒక్క అంకెలో చెప్పే సూత్రాన్ని 2003లో నేర పరిశోధకులు కేట్ బవర్స్, షేన్ జాన్సన్ ఇచ్చారు. దాని పేరు వెయిటెడ్ డిస్‌ప్లేస్‌మెంట్ కోషెంట్, పొట్టిగా WDQ. 1 ముందు ఏడాది, 2 తర్వాతి ఏడాది:

```
WDQ = (B2/C2 - B1/C1) / (A2/C2 - A1/C1)
```

మన అంకెలకు -0.81 వస్తుంది. అంటే ఏలో తగ్గినదానిలో 81 శాతం మేర బీలో పెరిగింది. -1 కంటే కిందికి పోతే లాభం కంటే నష్టమే ఎక్కువ. సున్నా దాటి పైకి వస్తే బీలో కూడా తగ్గిందని, మేలు పక్కకు పాకిందని అర్థం. ఒక్క షరతు: సీతో పోల్చినప్పుడు ఏలో నిజంగా తగ్గి ఉండాలి. తగ్గకపోతే ఈ అంకెకు అర్థమే లేదు, లెక్క అక్కడితో ఆపేయండి.

మేలు పాకడం అరుదేమీ కాదు. 2009లో రాబ్ గెరెట్, బవర్స్ కలిసి 102 మూల్యాంకనాలను తిరగేస్తే, చూసిన సందర్భాల్లో 26 శాతంలో నేరం పక్కకు జరిగింది, 27 శాతంలో మేలే పక్కకు పాకింది. అలాంటప్పుడు పక్క వీధిని పోలికకు తీసుకుంటే తప్పు తిరగబడుతుంది. పనిచేసిన పథకం పనిచేయనట్టు కనిపిస్తుంది.

బీ పట్టీని మ్యాప్‌లో వృత్తం గీసి తేల్చేయకండి. కర్నూలులో ఆ వృత్తం హంద్రీ దాటిపోవచ్చు, దగ్గర్లో వంతెన లేకపోతే అవతలి ఒడ్డు దొంగకు పక్క వీధి కాదు. నడిచి చూడండి: సాయంత్రం బండ్లు వరసగా నిలిపే చోట్లు ఇంకెక్కడున్నాయి? ఆస్పత్రి ముందు, కోచింగ్ సెంటర్ల సందు, కల్యాణ మండపం. అవే బీ. తర్వాత ప్రతి ఎఫ్‌ఐఆర్‌నూ చదివి ఏలోనో, బీలోనో వేయాలి. స్థలం దగ్గర "స్టేషన్‌కు తూర్పున 1 కి.మీ." అని ఉంటే చాలదు, కింద ఫిర్యాదుదారు చెప్పిన దాంట్లో దుకాణం పేరో గుడి పేరో దొరుకుతుంది.

సమస్య: "బీలో ఏమీ పెరగలేదు, అయినా ఫిర్యాదులు ఆగలేదు"

నేరం చోటు మారకుండా వేళో రకమో మారి ఉంటుంది. ఏలోనే రాత్రి కేసులను పగటి కేసుల నుంచి విడదీయండి. బైకుల పక్కనే సెల్‌ఫోన్లు, డిక్కీ దొంగతనాలు కూడా లెక్కించండి.

సమస్య: పథకం పెట్టిన ఏడాదే అన్నిచోట్లా తగ్గింది

ఒక్క చెడ్డ ఏడాది చూసి ఆ ప్రాంతాన్ని ఎంచుకుని ఉంటే, ఏమీ చేయకపోయినా మరుసటి ఏడాది తగ్గుతుంది. ముందు మూడేళ్ల సగటు తీసుకోండి. ఒకే ముఠా దొరికిపోయి ఊరంతా తగ్గడం అప్పుడప్పుడు జరుగుతుంది, అది సీలోనూ కనిపిస్తుంది కాబట్టి లెక్కను పాడు చేయదు. రోడ్డు మూసేయడం, సంత వేరే చోటికి మార్చడం లాంటివి ఉంటే నివేదికలో ఒక వాక్యం రాసి వదిలేయండి.