పాంప్లెట్ ప్రెస్‌కి ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

అడ్మిషన్ల పాంప్లెట్ డ్రాఫ్ట్ చేత్తో పట్టుకుని ముందు స్కూలంతా ఒకసారి తిరగండి, రాసిన ప్రతి సౌకర్యం దగ్గరా ఆగండి.

- కంప్యూటర్లు ఆన్ చేసి మరీ లెక్కపెట్టండి. 20 ఉండి 14 మాత్రమే పనిచేస్తుంటే "అత్యాధునిక ల్యాబ్" కొట్టేసి, "14 కంప్యూటర్ల ల్యాబ్, 3వ తరగతి నుంచి వారానికి రెండు పీరియడ్లు" అని రాయండి, ఎందుకంటే తల్లిదండ్రులు అడిగేది మా పిల్లాడి చేతికి మౌస్ ఎన్నిసార్లు వస్తుందనే.

- "అన్ని రూట్లకు బస్సు" వద్దు. బస్సు ఆగే స్టాపుల పేర్లు వేయండి.

- సీబీఎస్‌ఈ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. దరఖాస్తు పెట్టాం కదా అని ఆ పేరు వేయకండి, "సీబీఎస్‌ఈ ప్యాటర్న్" అని రాసినా చదివేవాళ్లు అఫిలియేషన్ ఉందనే అనుకుంటారు, తీరా పిల్లలు పదో తరగతికి వచ్చాక స్టేట్ బోర్డు పరీక్ష అని తెలిస్తే వాళ్లకు ఏం చెబుతారు? స్టేట్ గుర్తింపు ఉంటే అదే రాసి, 11 అంకెల యూడైస్ కోడ్ వేయండి. అఫిలియేషన్ వచ్చి ఉంటే ఆ నంబరు వేయండి.

- ఫొటోలు మన గదులవే ఉండాలి. నెట్‌లో దొరికిన స్విమ్మింగ్ పూల్ బొమ్మ డిజైనర్ పెట్టేస్తాడు, ప్రూఫ్‌లోనే పట్టుకోండి.

- ఇంకా కడుతున్న గదులను "నిర్మాణంలో ఉన్నాయి" అని విడిగా రాయండి.