కథ రాద్దాం - 6వ భాగం: ఒక్క క్రియ నాలుగుసార్లు మారితే

పోయిన భాగం చివర ఒక సన్నివేశం ఇచ్చాను. రాత్రి పొద్దుపోయాక ఒక హెచ్‌ఆర్ అమ్మాయి, ఉద్యోగం రానివాడికి ఆ కబురు రాస్తూ మాటలు మారుస్తూ ఉంటుంది. రాయడానికి కూర్చుంటే చాలామంది పడే గుంట ఒకటుంది. మొదట 'చింతిస్తున్నాం' అని రాయిస్తారు, అది కొట్టేయించి 'విచారిస్తున్నాం', ఆ తర్వాత 'బాధగా ఉంది'. ఇది నిఘంటువు తిరగేయడమే. మీరు రాసినదాన్ని పరీక్షించాలంటే రెండో ప్రతిని మూడో ప్రతి స్థానంలో పెట్టి చదవండి. కథకు ఏమీ కాకపోతే ఆ రెండింట్లో ఒకటి దండగ.

ఈసారి నేనే రాసి చూపిస్తాను. జడ్చర్ల పక్కన పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీ అనుకుందాం. సరిత అక్కడ హెచ్‌ఆర్, మహబూబ్‌నగర్ మెట్టుగడ్డలో అద్దెకుంటుంది. ఆపరేటర్ పోస్టులకు పన్నెండు మందిని పిలిచారు, నలుగురిని తీసుకున్నారు. మిగతా ఎనిమిది మందిలో ఏడుగురికి ఒకే మెసేజ్ కాపీ చేసి రెండు నిమిషాల్లో పంపేసింది. ఎనిమిదో అతను మల్లేశ్. (ఆఫీసు మెయిల్స్ ఎక్కువగా ఇంగ్లిషులోనే పోతాయి. ఐటీఐ కుర్రాడికి వాట్సాప్‌లో తెలుగులో పంపించడం నా కథా అవసరం. మన క్రియల ఆట ఇంగ్లిషులో కుదరదు.)

ఏడుగురికి పోయిన మాట 'మీరు ఎంపిక కాలేదు'. ఇందులో చేసినవాడు లేడు. వాన పడలేదు అన్నట్టు, అదంతట అది జరగలేదు. మల్లేశ్ పేరు దగ్గర సరిత వేలు ఆగాలి. ఆగడానికి కారణం మీరు చూపించాలి. నేనైతే ఇంటర్వ్యూ నుంచి ఒక్క ముక్క తెస్తాను. లేచి వెళ్తూ అతనన్న మాట: "మేడమ్, మీ సెక్యూరిటీ గేటు ఉన్న కాడనే మా బోరు ఉండె." అడుక్కున్నట్టు కాదు, దారి చెప్పినట్టు అన్నాడు.

ఆ మాట గుర్తొచ్చాక 'కాలేదు' ఆమెకు అబద్ధంలా కనిపిస్తుంది. కొట్టేసి 'మిమ్మల్ని ఎంపిక చేయలేదు' అని రాస్తుంది. ఇప్పుడు చేసింది కంపెనీ. ఆ కంపెనీలో తనూ ఉంది. ఎందుకు చేయలేదో చూద్దామని ఫైల్ తెరుస్తుంది. మార్కుల్లో అతను మూడోవాడు. పక్కన ప్లాంటు మేనేజర్ పెన్నుతో రాసిన రెండు మాటలు: 'లోకల్. వద్దు.' ఊరివాళ్లయితే యూనియన్ పెడతారనో, పండక్కీ పబ్బానికీ సెలవంటారనో ఆయన లెక్క. దాన్ని మీరు వివరించకండి, ఆ రెండు మాటలు చాలు.

మూడోసారి 'చేయలేకపోయాం'. సానుభూతిలా ఉంటుంది గానీ ఇది తప్పించుకునే మాట అని ఆమెకే తెలుస్తుంది. నాలుగోసారి వేలు దానంతటదే టైప్ చేస్తుంది: 'చేయనివ్వలేదు'. నిజం ఇదే. పంపితే స్క్రీన్‌షాట్ పొద్దున్నే మేనేజర్ దగ్గరుంటుంది, తన ఉద్యోగం పోతుంది. చూశారా, నాలుగు మాటల వరస మారిస్తే కథ కూలిపోతుంది. ఐదో ప్రతి వద్దు. పాఠకుడు లెక్కపెట్టడం మొదలుపెడతాడు.

ఒక చిక్కు మిగిలింది. ఒకే గదిలో ఒకే మనిషి కొట్టేస్తూ కూర్చుంటే కథ ఊపిరాడక చస్తుంది. అవతలివాణ్ణి గదిలోకి తేవాలి. వాట్సాప్ ఆ పని చేసిపెడుతుంది. మల్లేశ్ ఆ చాట్ తెరిచి ఉంచితే, ఈమె టైప్ చేస్తున్నంతసేపూ అతనికి `typing…` అని కనిపిస్తుంది. ఆమె ఆగితే పోతుంది, మళ్లీ మొదలుపెడితే వస్తుంది. కొట్టేసిన మాటలు మాత్రం అతనికి చేరవు. నలభై నిమిషాలు అతను అదే చూస్తున్నాడు. సరిత తల ఎత్తి, అతని పేరు కింద `online` అని ఉండటం అప్పుడు గమనిస్తుంది.

ముగింపులో ఆమెతో రాజీనామా చేయించకండి. నలభై నిమిషాల్లో మనిషి అంత మారదు. తిరిగి మొదటి మాటే పంపించడం కూడా చూసి చూసి పాతబడింది. నేను మల్లేశ్‌తో మాట్లాడిస్తాను:

"రాలేదా మేడమ్?"

'రాలేదు' అన్నది మళ్లీ చేసినవాడు లేని క్రియే. దాన్ని అతనే ఆమె చేతికిచ్చాడు. ఆమె ఏం కొడుతుందో నేను రాయలేదు.

ఈ వారం పని: మల్లేశ్ వైపు నుంచి ఇదే నలభై నిమిషాలు ఒక పేజీలో రాయండి. అతనికి కనిపించేవి ఆ రెండు ఇంగ్లిషు మాటలే. సరిత గది, ఫైలు, మేనేజర్ రాత మీ పేజీలోకి రాకూడదు. 7వ భాగంలో దాంతోనే మొదలుపెడదాం.