రాజీనామా చేశాక ఈసాప్ షేర్లు అడిగే ముందు

బెంగళూరు, హైదరాబాద్ ఉద్యోగాలు మానేసి ఒంగోలుకో కావలికో వచ్చేసినవాళ్లు ఇవి చూసుకోండి. ఈసాప్ అంటే ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునేందుకు ఉద్యోగికిచ్చే హక్కు, వీటినే ఆప్షన్లంటారు.

– గడువు. ఆప్షన్లు వెస్ట్ అయినా, అంటే కొనే హక్కు మీ చేతికి వచ్చేసినా, చాలా కంపెనీల్లో చివరి పనిరోజు నుంచి 90 రోజుల్లోపు ఎక్సర్‌సైజ్ చేయకపోతే, అంటే ఆ ధర కట్టి షేర్లు తీసుకోకపోతే, రద్దయిపోతాయి. మీ గడువెంతో గ్రాంట్ లెటర్‌లో చూడండి, హెచ్‌ఆర్ నోటిమాట చాలదు.

– పన్ను డబ్బు. 500 ఆప్షన్లు, ఎక్సర్‌సైజ్ ధర రూ.10, ఆరోజు షేరు విలువ రూ.210 అనుకోండి. కట్టాల్సింది రూ.5,000 ఒక్కటే కాదు. తేడా లక్ష రూపాయలూ జీతం కింద లెక్కే. 30 శాతం శ్లాబులో సెస్‌తో కలిపి పన్ను రూ.31,200. లిస్ట్ కాని కంపెనీ షేర్లు వెంటనే అమ్ముడుపోవు, కాబట్టి ఈ సొమ్ము ముందే సిద్ధం చేసుకోవాలి.

– ఫుల్ అండ్ ఫైనల్ కాగితంలో ‘ఇక ఏ బాకీ లేదు’ అని ఉంటే, ‘ఈసాప్‌లు మినహా’ అని రాయించాకే సంతకం చేయండి.

– ఆఫీసు మెయిల్ ఆగిపోకముందే ఈసాప్ పోర్టల్ లాగిన్ సొంత మెయిల్‌కు మార్పించుకోండి.