ప్రింటర్ పాఠాలు – 5: రెండువైపుల ప్రింటుకు లెటర్‌హెడ్ ఎలా పెట్టాలి

పోయిన పాఠంలో ఒకవైపు ప్రింటు గురించే చెప్పాను. కింది క్యాసెట్‌లో లెటర్‌హెడ్ అచ్చున్న వైపు కిందికి, ముందు తెరుచుకునే మాన్యువల్ ట్రేలో అచ్చు పైకి, రెండింట్లోనూ పేరున్న అంచు కాగితాన్ని లాగే రోలర్ వైపు. చాలామంది అదే తీరుగా పెట్టి రెండువైపులా ప్రింటు ఇచ్చారు. హన్మకొండ నుంచి ఒక కాలేజీ ఆఫీసాయన పంపిన ఫొటోలో కాలేజీ పేరు రెండో పేజీ వైపు, అదీ అడుగున తలకిందులుగా ఉంది. కరీంనగర్ నుంచి వచ్చిన ఫొటోలోనూ అంతే.

కారణం ఇది. డ్యూప్లెక్స్, అంటే రెండువైపుల ప్రింటు, పెడితే చాలా యంత్రాలు ముందు రెండో పేజీని కొడతాయి. తర్వాత కాగితం సగం బయటికొచ్చి మళ్లీ లోపలికి పోతుంది చూడండి, అప్పుడు తోక అంచు ముందుగా పోయి మొదటి పేజీ పడుతుంది. అంటే వైపూ మారింది, ముందుండే అంచూ మారింది. కాబట్టి డ్యూప్లెక్స్‌కు క్యాసెట్‌లో అచ్చు పైకి, మాన్యువల్ ట్రేలో అచ్చు కిందికి, రెండింట్లోనూ లెటర్‌హెడ్ అడుగు అంచు రోలర్ వైపు పెట్టాలి.

అందరూ తప్పేది తిరగేయడం దగ్గరే, నాకు చిరాకు తెప్పించేదీ అదే. కట్టను పుస్తకం పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పుతారు. అచ్చు వైపు మారుతుంది గానీ పేరున్న అంచు రోలర్ వైపే ఉండిపోతుంది, ఉత్తరం తలకిందులుగా వస్తుంది. పక్కకు కాదు, పై అంచు పట్టుకుని కింది అంచు మీదికి పల్టీ కొట్టించాలి. ఇప్పటికే తప్పు వచ్చి ఉంటే, అచ్చు సరైన పేజీ వైపే ఉండి తలకిందులైతే కట్టను తిప్పేయకుండా, బల్ల మీద ఉన్నట్టే సగం చుట్టు తిప్పండి చాలు. వెనక పేజీ మీద తలకిందులుగా పడితేనే పల్టీ.

ఒక్క పేజీ ఉత్తరానికి డ్యూప్లెక్స్ ఆపేసి కాగితాన్ని మళ్లీ ఒకవైపు పద్ధతిలో పెట్టడం మరవొద్దు. మూడు పేజీలుంటే చివరిది కొన్ని యంత్రాలు ఒకవైపు పనిగా కొడతాయి, నేనైతే ఆ పేజీని తెల్ల కాగితం మీద విడిగా తీస్తాను. హెచ్‌పీ వాళ్ల చాలా యంత్రాల్లో `Alternative Letterhead Mode` ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఒకవైపుకైనా రెండువైపులకైనా డ్యూప్లెక్స్ పద్ధతిలోనే పెట్టొచ్చు, నా ఓటు దానికే.

వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర, రైతుకు సరుకు లెక్క రాసిచ్చే తక్‌పట్టీ ఫారాలు కొట్టేవాళ్లు, వెనక షరతులు అచ్చయి ఉంటే డ్యూప్లెక్స్ జోలికే పోకండి. ముందువైపు గళ్లున్న ముఖాన్ని ఒకవైపు పద్ధతిలో పెట్టండి.

ఏ4 కాగితాన్ని అడ్డంగా లాగే పెద్ద జిరాక్స్ మిషన్లలో అంచుల లెక్క వేరు. అందుకే అభ్యాసం: తెల్ల కాగితాల పై అంచు వైపు పెన్నుతో బాణం గీసి, మీ ప్రతి ట్రేలో ఒకవైపు ఒకసారి, రెండువైపులా ఒకసారి కొట్టి చూడండి. సరిగ్గా వచ్చిన తీరు బొమ్మ గీసి ఆ ట్రే మీదే అతికించండి. లెటర్‌హెడ్ కట్ట ఆ తర్వాతే విప్పండి.