ఐవీఎఫ్ పెన్ మధ్యలో అయిపోతే కంగారు పడబాకండి

స్టిమ్యులేషన్ ఇంజెక్షన్లు ఇంట్లోనే వేసుకునేవాళ్ళకి ఒక మాట. మాది కావలి, నాకు రోజుకి 225 యూనిట్లు, పెన్నులో ఉండేది 300. మొదటిరోజు పోను 75 మిగిలింది, రెండోరోజు 225కి తిప్పి సూది గుచ్చి నొక్కితే బటన్ మధ్యలో ఆగిపోయింది, పెన్ను మీద డోసు కనిపించే కిటికీలో 0 రాకుండా 150 కనిపించింది. నేను అది వెళ్ళిన మందు అనుకున్నా, కాదంట, ఇంకా వెళ్ళాల్సింది! కొత్త పెన్నుకి కొత్త సూది పెట్టి 150 వేసుకున్నాక లెక్క సరిపోయింది. నొక్కినాక వెంటనే తీయబాకండి, పది లెక్కపెట్టండి, లేకపోతే మందు చర్మం మీదే కారిపోద్ది. సూది పెన్నుకే వదిలేస్తే మందు కారిపోద్ది, గాలి కూడా చేరుద్ది.

పెన్నులో మందు కలిపే పని లేదు, పొడి సీసాలకే ఆ తంటా, అవి కూడా ఊపకుండా మెల్లగా తిప్పాల. మన ఎండలకి ఫ్రిజ్‌లోనే పెట్టండి, ఐసు గడ్డకట్టే అరకి ఆనకుండా, గడ్డకడితే ఇంక పారేయాల్సిందే.

ఇంకోటి, ఒకరోజు నెల్లూరు నుంచి బస్సు లేటయ్యి రాత్రి ఎనిమిదింటి డోసు పదకొండుకి గుర్తొచ్చింది, క్లినిక్ నర్సుకి ఫోన్ చేస్తే ఇప్పుడే వేసుకో, రేపు మళ్ళీ ఎనిమిదికే అనింది. మర్నాడు పొద్దున్నే గుర్తొస్తే మాత్రం రెండూ కలిపి డబల్ వేసుకోబాకండి, ముందు ఫోన్ చేయండి, స్కాన్ చూసి వాళ్ళే చెప్తారు.